క్రాస్‌లో లీడింగ్ ప్రశ్న ఎక్కడ ఆగుతుంది, తప్పుదోవ పట్టించే ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది

ప్రశ్న: క్రాస్‌లో లీడింగ్ ప్రశ్నలు వేయొచ్చు కదా. అయినా పీపీ గారు "మిస్‌లీడింగ్" అని అభ్యంతరం చెప్పగానే జడ్జి గారు నా ప్రశ్న ఒప్పుకోలేదు. సాక్షి పోలీసులకు చెప్పని విషయం కోర్టులో కొత్తగా చెప్పాడు, దాని మీదే అడిగాను. రెంటికీ తేడా ఏమిటి? ఎలా అడగాల్సింది?

జవాబు:

మీకు కావలసిన జవాబును ప్రశ్నే అందిస్తే అది లీడింగ్. క్రాస్‌లో అది మీ హక్కు. సాక్షి అనని మాటను అన్నట్టుగానో, ఇంకా రుజువు కాని సంగతిని రుజువైపోయినట్టుగానో ప్రశ్న లోపల దాచిపెడితే అది మిస్‌లీడింగ్. క్రాస్‌లో కూడా దానికి చోటు లేదు.

మీరు అడిగిన మాటలు నా ముందు లేవు. కానీ పోలీసు స్టేట్‌మెంట్‌లో లేని విషయం మీద క్రాస్ చేసేటప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఒకే చోట. స్టేట్‌మెంట్‌లో ఆ విషయం రాయలేదు, అంతే. దాన్ని సాక్షి అలా జరగలేదని చెప్పినట్టు మార్చి అడిగేస్తారు. "పోలీసులకు చెప్పలేదు" అనే ప్రశ్న సరైనది. "పోలీసులకు వేరేగా చెప్పావు కదా" అనేది, వేరేగా చెప్పిన వాక్యం కాగితం మీద లేకపోతే, తప్పుదోవ పట్టించే ప్రశ్న. మీ విషయంలో జరిగింది బహుశా ఇదే.

ముందు సెక్షన్ల సంగతి కొద్దిగా. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది, కానీ ఆ తేదీకి పెండింగ్‌లో ఉన్న విచారణలు పాత ఎవిడెన్స్ యాక్ట్ కిందే నడుస్తాయి. అందుకే రెండు నంబర్లూ గుర్తుంచుకోక తప్పదు. లీడింగ్ ప్రశ్నల గురించి పాత చట్టంలో 141, 142, 143 సెక్షన్లు ఉండేవి. కొత్త చట్టంలో ఆ మూడూ కలిసి సెక్షన్ 146 అయ్యాయి. చీఫ్‌లోనూ రీ-ఎగ్జామినేషన్‌లోనూ అవతలి పక్షం అభ్యంతరం చెబితే కోర్టు అనుమతి లేకుండా లీడింగ్ వేయకూడదు. పరిచయంగా అడిగే విషయాలకు, వివాదం లేనివాటికి, ముందే తగినంత రుజువైనవాటికి మాత్రం కోర్టు అనుమతిస్తుంది. క్రాస్‌లో ఈ అడ్డు లేదు. పీపీ తన సాక్షి నోట్లో మాటలు పెట్టి చెప్పించడాన్ని వర్కీ జోసెఫ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి చీఫ్ జరుగుతున్నప్పుడు మీరు చెవులు రిక్కించి వినాలి. అభ్యంతరం అప్పుడే చెప్పాలి, సాక్షి జవాబు చెప్పేశాక చెబితే ప్రయోజనం ఉండదు.

"మిస్‌లీడింగ్ ప్రశ్న" పేరుతో మాత్రం చట్టంలో సెక్షన్ లేదు. అయినా కోర్టులు దాన్ని ఆపుతాయి, ఎందుకంటే దానికి వచ్చిన జవాబు దేనికీ పనికిరాదు. సాక్షి దేనికి ఒప్పుకున్నాడో, దేన్ని కాదన్నాడో తేలదు. ఒకవేళ ఎవరూ అభ్యంతరం చెప్పక రికార్డులోకి ఎక్కినా, వాదనల రోజున జడ్జి గారు మీ ప్రశ్నను స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూస్తారు. మీరు గెలిచాననుకున్న జవాబు అక్కడ కొట్టుకుపోతుంది.

ఇప్పుడు మీ సమస్యకు దగ్గరగా ఉండే ఒక కేసును ఊహించి, మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

రాత్రి 9 గంటలప్పుడు ఊరి బస్టాండు దగ్గర కొట్లాట జరిగింది. దెబ్బలు తిన్నవాడు పీడబ్ల్యూ-1. అతని బావమరిది పీడబ్ల్యూ-2, ప్రత్యక్ష సాక్షి. మీరు ఏ2 తరఫున ఉన్నారు. పోలీసు స్టేట్‌మెంట్‌లో పీడబ్ల్యూ-2 మాటలు ఇవి: "ఏ1, ఏ2 మా బావను పట్టుకుని కొట్టారు. ఏ1 కర్రతో తల మీద కొట్టాడు. నేను అరవగా పారిపోయారు." కోర్టులో అతను ఇలా చెప్పాడు: "ఏ1 కర్రతో, ఏ2 ఇనుప రాడ్డుతో మా బావ తల మీద కొట్టారు. కరెంటు స్తంభం లైటు వెలుతురులో చూశాను."

కొత్తగా వచ్చినవి రెండు: రాడ్డు, లైటు. రెండూ ఒకటే బరువు కావు.

ఇక్కడ 1959లో వచ్చిన తహసీల్దార్ సింగ్ తీర్పు తెలియాలి. ఆ కేసులోనూ గొడవ వెలుతురు గురించే. గ్యాస్ లాంతరు ఉందని సాక్షి కోర్టులో చెప్పాడు, పోలీసు స్టేట్‌మెంట్‌లో లాంతరు మాట లేదు. "లాంతరు సంగతి పోలీసులకు చెప్పావా?" అని డిఫెన్స్ అడిగిన ప్రశ్నను సెషన్స్ జడ్జి ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో మెజారిటీ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారు. చెప్పకపోవడం అనేది దానంతట అదే వైరుధ్యం కాదని, మూడు సందర్భాల్లో మాత్రం అవుతుందని ఆయన అన్నారు. స్టేట్‌మెంట్‌లో ఉన్న మాట నుంచి మరో మాట తప్పనిసరిగా స్ఫురిస్తున్నప్పుడు. అక్కడ చెప్పిన ఒక విషయంలోనే ఇంకో విషయం లేదన్న అర్థం ఇమిడి ఉన్నప్పుడు. అక్కడి మాటా కోర్టులో మాటా రెండూ కలిసి నిలబడలేనప్పుడు. తర్వాత 1973 నాటి సీఆర్‌పీసీలో సెక్షన్ 162కు ఒక వివరణ చేర్చారు. వదిలేసిన విషయం ఆ సందర్భాన్ని బట్టి ముఖ్యమైనదీ, సంబంధించినదీ అయితే అది వైరుధ్యం కావచ్చు. అవునా కాదా అన్నది ఆయా కేసు వాస్తవాలను బట్టి తేల్చాలి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 181లోనూ ఇదే ఉంది.

ఈ కొలతతో చూస్తే రాడ్డు గట్టి పాయింటు. ఏ1 చేతిలో ఆయుధం ఏమిటో, ఎక్కడ కొట్టాడో విడిగా చెప్పిన మనిషి, ఏ2 చేతిలో తల పగలగొట్టే రాడ్డు ఉంటే దాన్ని వదిలేస్తాడా? లైటు మాత్రం బలహీనం. ముద్దాయిలు తెలిసినవాళ్లే, వెలుతురు గురించి పోలీసులు అడిగి ఉండకపోవచ్చు. ప్రతి చిన్న లోపాన్నీ పట్టుకుని పదిహేను ప్రశ్నలు వేస్తే రాడ్డు ప్రశ్న కూడా వాటిలో కలిసిపోతుంది. నేనైతే లైటును స్టేట్‌మెంట్ లోపంగా అడగను. స్తంభం ఎంత దూరం, సాక్షి ఏ వైపు నిలబడ్డాడు, మధ్యలో జనం ఉన్నారా అన్న వైపు నుంచి వెళతాను.

రాడ్డు మీద ప్రశ్నల వరుస ఇలా ఉండాలి.

ముందు కోర్టులో చెప్పిన మాటకు సాక్షిని కట్టేయండి. "కర్ర దెబ్బ వేరు, రాడ్డు దెబ్బ వేరు." "రెండు దెబ్బలూ తల మీదే పడ్డాయి." ఇక్కడితో చాలు. కొట్టిన తీరంతా మళ్లీ చెప్పిస్తే చీఫ్‌ను మీరే రెండోసారి చేయించినట్టు. ఈ రెండు ప్రశ్నల వల్ల ఇంకో లాభం ఉంది. గాయాల సర్టిఫికెట్‌లో తల మీద ఒకే గాయం ఉంటే, డాక్టరు బోనెక్కినప్పుడు ఆ సంగతి బయటపెట్టొచ్చు. సర్టిఫికెట్ పీడబ్ల్యూ-2కి చూపించకండి. అది రాసింది అతను కాదు. పైగా చూపిస్తే "ఒక దెబ్బ పక్కకు తగిలిందేమో" అని సర్దుకునే వీలు మీరే ఇస్తారు.

తర్వాత పోలీసులకు చెప్పిన సందర్భాన్ని బలపరచండి. "మరుసటి రోజు పోలీసులు మిమ్మల్ని విచారించారు." "ఎవరు దేనితో కొట్టారో చెప్పారు." "మీకు గుర్తున్నదంతా చెప్పారు." ఇవన్నీ లీడింగే, ఎవరూ అభ్యంతరం చెప్పరు. సాక్షి వీటికి అవునన్నాక "అప్పుడు కంగారులో మర్చిపోయాను" అనడం కష్టమవుతుంది.

అప్పుడు లోపాన్ని పెట్టండి: "ఏ2 ఇనుప రాడ్డుతో కొట్టాడని మీరు పోలీసులకు చెప్పలేదు." ఒకే ప్రశ్న, ఒకే విషయం. సాక్షి "చెప్పాను" అనొచ్చు, "చెప్పలేదు" అనొచ్చు, "గుర్తులేదు" అనొచ్చు. ఏదన్నా అక్కడే ఆగండి. "మరి పోలీసులు ఎందుకు రాయలేదు?" అని అడగాలని నాలుక దురద పెడుతుంది. అడిగితే "ఏమో సార్, నేను చెప్పిందంతా వాళ్లు రాసుకోలేదు" అంటాడు. దానితో లోపం పోలీసుల మెడకు చుట్టుకుంటుంది, మీ పాయింటు సగం పోతుంది.

ఇదే చోట తప్పుగా అడిగే తీరు చూడండి. "ఏ2 వట్టి చేతులతో కొట్టాడనే కదా పోలీసులకు చెప్పారు?" స్టేట్‌మెంట్‌లో చేతుల మాట లేదు. "ఏ2 దగ్గర ఆయుధం లేదని చెప్పి ఇప్పుడు రాడ్డు అంటున్నారే?" అదీ లేదు. రెండూ పీపీ గారు లేచి నిలబడాల్సిన ప్రశ్నలే. ఏ2కి ఆయుధం లేదన్న అర్థం ఆ స్టేట్‌మెంట్ నుంచి తీయవచ్చు, నిజమే. కానీ అది మీరు వాదనల్లో చెప్పాల్సిన మాట, సాక్షి అన్న మాటగా అతని ముందు పెట్టాల్సింది కాదు.

సగం వాక్యం చదవడం కూడా ఇలాంటిదే. "ఏ1, ఏ2 కొట్టారు, ఏ1 కర్రతో తల మీద కొట్టాడు" అన్నచోట రెండో ముక్క మాత్రం చదివి "అంటే కొట్టింది ఏ1 ఒక్కడే అని చెప్పారు" అంటే, పూర్తి వాక్యం రికార్డులోకి రాగానే మీ మాట మీదే నమ్మకం పోతుంది. ఒక్కసారి అలా దొరికిపోతే, ఆ రోజు మిగతా ప్రశ్నల్లో మీరు ఏ పేరా ఉటంకించినా జడ్జి గారు కాగితం తిప్పి చూసుకుంటారు.

స్టేట్‌మెంట్‌లో నిజంగానే "ఏ2 చేతులతో కొట్టాడు" అని ఉందనుకోండి. అప్పుడు అది లోపం కాదు, నేరుగా వైరుధ్యం. పద్ధతి మారుతుంది. ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 145, కొత్త చట్టంలో 148 ప్రకారం, వైరుధ్యం కోసం వాడదలచిన ఆ భాగం మీదికి సాక్షి దృష్టిని మళ్లించాలి. ఆ వాక్యం చదివి వినిపించి, ఇలా చెప్పారా అని అడగాలి. ఒప్పుకుంటే వైరుధ్యం రుజువైనట్టే. కాదంటే, ఆ భాగాన్ని మాత్రం ఎగ్జిబిట్ డి-1గా, తర్వాత ఐఓ ద్వారా రుజువు చేయాలన్న షరతుతో మార్క్ చేయించాలి. మొత్తం స్టేట్‌మెంట్ మార్క్ కాకూడదు. 2015లో వి.కె.మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఈ వరుసను మళ్లీ స్పష్టంగా చెప్పింది. ఇంకొకటి: పోలీసు స్టేట్‌మెంట్‌ను ప్రాసిక్యూషన్ సాక్షిని వ్యతిరేకించడానికే వాడగలరు, డిఫెన్స్ సాక్షి మీద వాడలేరు. పీడబ్ల్యూ-1 ఇచ్చిన ఫిర్యాదును పట్టుకుని "ఎఫ్‌ఐఆర్‌లో రాడ్డు అని లేదు కదా" అని పీడబ్ల్యూ-2ని నిలదీయడం కూడా చెల్లదు. అది అతని మాట కాదు.

ఇప్పుడు చాలా కేసులు దెబ్బతినే చోటికి వద్దాం. పీడబ్ల్యూ-2 "చెప్పాను" అన్నాడు. చెప్పలేదని రుజువు చేయాల్సింది మీరు. అందుకు మనిషి ఐఓ. అతను బోనెక్కినప్పుడు స్టేట్‌మెంట్ చూసి జవాబు చెప్పేలా, "ఏ2 ఇనుప రాడ్డుతో కొట్టాడని పీడబ్ల్యూ-2 మీ విచారణలో చెప్పలేదు" అని అడిగి, "చెప్పలేదు" అన్న జవాబు రికార్డు చేయించాలి. ఇది మర్చిపోతే పీడబ్ల్యూ-2 మీద మీరు చేసిన పనంతా వృథా. సాక్షి "చెప్పాను" అన్నది ఎదురులేకుండా మిగిలిపోతుంది. ఐఓ విచారణ అయిపోయాక గుర్తొస్తే, సీఆర్‌పీసీ 311, బీఎన్‌ఎస్‌ఎస్ 348 కింద మళ్లీ పిలిపించమని పిటిషన్ వేయాలి, ఇస్తారన్న హామీ లేదు. తలకిందులుగా చేసినా కుదరదు. పీడబ్ల్యూ-2ని అడగకుండా ఐఓని మాత్రం అడిగితే, సాక్షికి వివరించుకునే అవకాశం ఇవ్వలేదన్న కారణంతో దాన్ని పక్కన పెడతారు. కేసు నోట్సులో ఒక్కో సాక్షి పేరు పక్కన "ఐఓని అడగాలి" అని ఒక గడి పెట్టుకుని, క్రాస్ అవుతుండగానే అందులో రాసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

మిస్‌లీడింగ్ కిందికి వచ్చే ఇంకో రెండు రకాలు ఇదే కేసులో చూపిస్తాను. "అంత చీకట్లో రాడ్డు అని ఎలా గుర్తుపట్టారు?" చీకటి అని ఎవరూ ఒప్పుకోలేదు, సాక్షి లైటు ఉందన్నాడు. దీన్ని విడగొట్టండి. స్తంభం ఏ వైపు, కొట్లాట జరిగిన చోటికి ఎంత దూరం అని అడిగి, చివర్లో "ఆ రాత్రి ఆ లైటు వెలగడం లేదు" అని సూచన పెట్టండి. అతను కాదంటాడు, పర్వాలేదు. అప్పుడది మీ వాదనగా రికార్డులో ఉంటుంది, రుజువైన విషయంగా కాదు. రెండో రకం జోడు ప్రశ్న: "మీరు ఆలస్యంగా వచ్చారు, ఏ2ని చూడలేదు, మీ బావ చెప్పమన్నట్టు చెబుతున్నారు, అవునా?" జవాబు "కాదు". మూడింటిలో ఏది కాదు? ఇందులో అబద్ధం ఏమీ లేకపోయినా జవాబు పనికిరాదు. మూడు ప్రశ్నలు చేయండి.

మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతుంటే డిపోజిషన్ చాలాచోట్ల ఇంగ్లీషులో, ప్రశ్నా జవాబూ కలిపిన కథనంగా టైపు అవుతుంది. "చెప్పలేదు కదా?" అంటే "అవునండీ" అంటాడు. అది "చెప్పాడు" అని ఎక్కినా ఆశ్చర్యం లేదు. డిక్టేషన్ వినండి, తేడా ఉంటే ఆ నిమిషంలోనే మనవి చేయండి. ముఖ్యమైన ఒకటి రెండు జవాబులను ప్రశ్న-జవాబు రూపంలోనే రాయమని అడగొచ్చు, జడ్జి గారి విచక్షణ మీద అది జరుగుతుంది. మీ ప్రశ్నను ఒప్పుకోకపోయినా, ప్రశ్నా అభ్యంతరమూ రికార్డు చేయమని మర్యాదగా అడగండి. పై కోర్టులో అదే మీకు ఆధారం.

సాక్షి నమ్మదగినవాడా అన్నది పరీక్షించే ప్రశ్నలకు వేరే హద్దు ఉంది. "నీ మీద దొంగతనం కేసు ఉంది కదా?" అని ఊరికే విసరకూడదు. పాత చట్టంలో 149, కొత్తదానిలో 152 ప్రకారం ఆ ఆరోపణకు సహేతుకమైన ఆధారం చేతిలో ఉండాలి. ఏమీ తెలియని సాక్షిని నువ్వు బందిపోటువా అని గాలిలో రాయి వేసినట్టు అడగడం ఆధారం లేని ప్రశ్నకు ఆ సెక్షన్‌లోనే ఇచ్చిన ఉదాహరణ. ఆధారం లేకుండా అడిగితే ఆ వకీలు గురించి కోర్టు హైకోర్టుకు రాయగలదు. నమ్మకాన్ని దెబ్బతీయడానికే అడిగిన ప్రశ్నకు సాక్షి కాదంటే, సాధారణంగా ఆ జవాబే ఆఖరు, తప్పని రుజువు చేయడానికి మీరు వేరే సాక్ష్యం తేలేరు. పాత శిక్ష పడిన సంగతి, పక్షపాతాన్ని చూపే సంగతి ఇందుకు మినహాయింపులు. మన కేసులో బావమరిది అన్న బంధుత్వం, ఏ2తో పొలం గట్టు తగాదా లాంటివి ఉంటే అవి పక్షపాతం కిందికి వస్తాయి. వాటి కాగితాలు ముందే తెచ్చుకోండి. లైంగిక నేరాల కేసుల్లో బాధితురాలి నడత, గత సంబంధాల గురించి అసలు అడగకూడదు. పోక్సో కేసుల్లో పిల్లలను నేరుగా అడిగే వీలే లేదు. మీ ప్రశ్నలు కోర్టుకు ఇస్తే, కోర్టు అడుగుతుంది.

చివరగా సూచనల గురించి. మీ డిఫెన్స్ ఏమిటో సాక్షి ముందు పెట్టకపోతే, అతని మాటను ప్రశ్నించకుండా వదిలేసినట్టు వాదిస్తారు. అలాగని నోటికొచ్చిన సూచనలన్నీ పెట్టకండి. ఏ2 ఆ రాత్రి అక్కడ లేడు అన్నది మీ డిఫెన్స్ అయితే, "ముందు మీవాళ్లే ఏ2 మీద పడ్డారు" అన్న సూచన దాన్ని కూల్చేస్తుంది. ఏ2 అక్కడ ఉన్నాడని మీ నోటితోనే చెప్పినట్టవుతుంది. ముద్దాయికి వ్యతిరేకంగా పోయే అలాంటి సూచనను అతనికి వ్యతిరేకంగా పరిగణించవచ్చని 2023లో బాలు సుదాం ఖాల్దే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షి కాదన్న సూచన మాత్రం మీకు సాక్ష్యం కాదు. సూచనల వాక్యాలు ముందురోజే రాసుకుని, మీ ముద్దాయితో చదివించి, అతను సీఆర్‌పీసీ 313 లేదా బీఎన్‌ఎస్‌ఎస్ 351 కింద చెప్పబోయే జవాబుతో సరిపోతున్నాయో లేదో చూసుకోండి.